తెలుగులో ఆలోచన, ఇంగ్లిష్‌లో అనుమానం



ఈ నెల స్టడీ పేజీలో ఒక ఎనిమిదో తరగతి అబ్బాయి రాసిన వ్యాసం గురించి, దాన్ని నేను ఎలా తప్పుగా చదివానో దాని గురించి చెబుతాను. అబ్బాయి పేరు, సెక్షన్ ఇక్కడ అవసరం లేదు. ఇలాంటిది మీ ఇంట్లో కూడా జరుగుతూ ఉండవచ్చు. పిల్లలు ముందు తెలుగులో రాసుకుంటారు, ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ చేసుకుంటారు, ఇంగ్లిష్‌లో సబ్మిట్ చేస్తారు. టీచర్ దాన్ని ఒక ఎ.ఐ. డిటెక్టర్‌లో పెడితే "ఇది మెషీన్ రాసింది" అని వస్తుంది. అప్పుడు తప్పు ఎవరిది?

జరిగిన సంగతి

"నేను గౌరవించే వ్యక్తి" అనే అంశం మీద 250 పదాల ఇంగ్లిష్ వ్యాసం ఇచ్చాను. ఇంటి దగ్గర టైప్ చేసి పంపాలి. ఈ అబ్బాయి ఐదో తరగతి వరకు గుంటూరు జిల్లాలో ఒక పల్లెలో నాయనమ్మ దగ్గర ఉండి తెలుగు మీడియంలో చదివాడు. ఆరో తరగతిలో మా దగ్గర చేరాడు. క్లాసులో రాసే ఇంగ్లిష్‌లో తప్పులు ఎక్కువ. అలాంటి పిల్లవాడి నుంచి ఒక్క స్పెల్లింగ్ తప్పు లేని వ్యాసం వచ్చింది.

నాకు అనుమానం రావడానికి రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది, ఇంగ్లిష్‌లో నామవాచకం ముందు వచ్చే "ఎ", "ద" అనే చిన్న మాటలు. తెలుగులో అలాంటివి లేవు కాబట్టి మన పిల్లలకు అవి పట్టుబడటానికి ఏళ్లు పడుతుంది. ఈ అబ్బాయి నోట్‌బుక్‌లో అవి దాదాపు కనిపించవు. వ్యాసంలో మాత్రం ప్రతి చోటా సరిగ్గా ఉన్నాయి. రెండోది, "యూజ్డ్ టు" అనే ప్రయోగం. గతంలో అలవాటుగా చేసిన పనిని చెప్పడానికి వాడే ఈ ప్రయోగాన్ని మా క్లాసులో నేను ఇంకా గట్టిగా నేర్పలేదు. వ్యాసంలో అది తొమ్మిది సార్లు ఉంది.

ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఒక డిటెక్టర్‌లో ఆ వ్యాసాన్ని పేస్ట్ చేశాను. 86 శాతం అని వచ్చింది. నా అనుమానానికి ఒక అంకె తోడైంది. ఇక ఆలోచించలేదు. పేపర్ మీద సున్నా వేసి వాళ్ల నాన్నకు ఫోన్ చేయించాను.

మర్నాడు ఆయన డ్యూటీకి సెలవు పెట్టి వచ్చారు. "మేడం గారూ, వాడు రాత్రి పదకొండింటి దాకా కూర్చుని రాశాడండీ. నేను పక్కనే ఉన్నాను. కాపీ కొట్టాడంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు" అన్నారు. ఆయనకు ఇంగ్లిష్ అంతగా రాదు. అందుకే ఆ మాటకు నేను పెద్దగా విలువ ఇవ్వలేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అబ్బాయి తల వంచుకుని నిలబడ్డాడు. ఏమీ మాట్లాడలేదు. మౌనం కూడా ఒప్పుకోవడమే అనుకున్నాను.

ఒక వింత వాక్యం

వాళ్ల ముందే వ్యాసాన్ని మళ్లీ చదువుతుంటే ఒక వాక్యం దగ్గర ఆగాను. "షీ యూజ్డ్ టు ఎల్బో మీ" అని ఉంది. అంటే "ఆమె నన్ను మోచేత్తో పొడిచేది" అని. గౌరవించే నాయనమ్మ గురించి రాస్తూ ఈ మాటేమిటి?

"ఏంటి నాన్నా ఇది? నాయనమ్మ నిన్ను మోచేత్తో పొడిచేదా?" అని తెలుగులో అడిగాను.

వాడు తల ఎత్తి, "కాదు మేడం. మిరప కోతకి వెళ్లొచ్చేది కదా, చేతులు మండుతుంటాయి. ఆ చేతులతో ముట్టుకుంటే నాకు కూడా మండుతుందని ఇట్లా తీసుకునేది" అని తన రెండు చేతులు వెనక్కి మడిచి, మోచేతులతో గాలిని దగ్గరికి లాక్కుని చూపించాడు.

బ్యాగ్‌లోంచి రఫ్ నోట్‌బుక్ తీశాడు. అందులో పెన్సిల్‌తో రెండు పేజీల తెలుగు ఉంది. కొట్టివేతలు ఉన్నాయి, పక్కన బాణం గుర్తులు పెట్టి చేర్చిన వాక్యాలు ఉన్నాయి. నేను ఆగిన చోట ఇలా ఉంది: "మిరపకాయలు కోసి వస్తే చేతులు మండేవి. ఆ చేతులతో నన్ను ముట్టుకునేది కాదు. మోచేత్తో దగ్గరికి తీసుకునేది. నా మీద ఈగ వాలనిచ్చేది కాదు. రాత్రి మజ్జిగలో చేతులు పెట్టుకుని కూర్చునేది."

నా సున్నా ఈ పేజీలకు పడింది.

డిటెక్టర్ కొలిచింది ఏమిటి?

ఆ 86 శాతం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే, దాన్ని ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది. డిటెక్టర్‌కు మీ అబ్బాయి తెలియదు, రాత్రి పదకొండు తెలియదు, నోట్‌బుక్ తెలియదు. దాని ముందు ఉన్నది ఇంగ్లిష్ మాటల వరస మాత్రమే. ఆ వరసలో తర్వాతి మాటను ముందుగా ఊహించడం ఎంత సులువో అది ప్రధానంగా చూస్తుంది.

మనం "అనగనగా ఒక..." అని ఆపితే పిల్లలు "రాజు" అంటారు. అది ఊహకు అందే మాట. "అనగనగా ఒక... స్టెబిలైజర్" అంటే ఎవరూ ఊహించరు. వ్యాసంలో మాటలన్నీ "రాజు" లాగా ఊహకు అందుతూ పోతే డిటెక్టర్ మెషీన్‌ను అనుమానిస్తుంది. "స్టెబిలైజర్" లాంటివి అక్కడక్కడా తగిలితే మనిషి రాశాడని అనుకుంటుంది. చాలా డిటెక్టర్లు వాక్యాల పొడవులో ఉన్న హెచ్చుతగ్గులను కూడా చూస్తాయి. అన్నీ ఒకే పొడవులో ఉంటే అనుమానం పెరుగుతుంది.

ఇప్పుడు మన అబ్బాయి వ్యాసాన్ని దాని ముందు పెట్టి చూడండి. ట్రాన్స్‌లేట్ చేసే సాఫ్ట్‌వేర్ పని తీరే ఊహకు అందే మాటను ఎంచుకోవడం. "మండేవి" అనే మాటకు ఇంగ్లిష్‌లో నాలుగైదు మాటలు సరిపోతాయి. అది అందరూ వాడే మాటనే తీసుకుంటుంది. పైగా పదమూడేళ్ల పిల్లవాడి తెలుగు వాక్యాలు పొట్టిగా, దాదాపు ఒకే పొడవుగా ఉన్నాయి. ఇంగ్లిష్‌లోనూ అలాగే వచ్చాయి. "వెళ్లేది, కోసేది, తెచ్చేది, కూర్చునేది" అని తెలుగులో మనకు వినసొంపుగా సాగే క్రియలన్నీ ఇంగ్లిష్‌లో తొమ్మిది "యూజ్డ్ టు"లుగా మారాయి. నన్ను అనుమానంలో పడేసిన ప్రయోగం నాయనమ్మ కథ చెప్పే తెలుగు తీరు నుంచి వచ్చిందే.

ఇంకో సంగతి. 2017లో గూగుల్ పరిశోధకులు "ట్రాన్స్‌ఫార్మర్" అనే కొత్త నిర్మాణాన్ని ప్రకటించారు. దాన్ని మొదట పరీక్షించింది ఇంగ్లిష్ నుంచి జర్మన్, ఫ్రెంచ్ భాషల్లోకి అనువాదం చేయించే పని మీదే. ఈ రోజు వ్యాసాలు రాసిపెట్టే చాట్‌బాట్‌లు కూడా ఆ నిర్మాణం మీదే నడుస్తున్నాయి. చాట్ జీపీటీ పేరులో చివరి "టీ" అక్షరం దానిదే. అంటే అనువాదం చేసే మెషీన్, సొంతంగా వ్యాసం అల్లే మెషీన్ ఒకే ఇంటి పిల్లలు. వాటి ఇంగ్లిష్‌లో పోలిక ఉండటం సహజం. ఒకదానిలో ఆలోచన పిల్లవాడిది, రెండోదానిలో కాదు. ఆ తేడా మాటల వరసలో కనిపించదు.

అంకెను ఎలా చదవాలి?

86 శాతం అంటే "86 శాతం కాపీ" అని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే చదివాను. కొన్ని టూల్స్‌లో అది "మెషీన్ రాసి ఉండే అవకాశం" గురించి టూల్ వేసే అంచనా. కొన్నింటిలో అనుమానం కలిగించిన వాక్యాల వాటా. ఏ అర్థంలో చూసినా అది అంచనాయే, సాక్ష్యం కాదు.

ఆ అంచనా ఎవరి విషయంలో ఎక్కువ తప్పుతుందో 2023లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు పరీక్షించారు. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు టోఫెల్ పరీక్ష కోసం రాసిన 91 వ్యాసాలను ఏడు డిటెక్టర్లలో పెట్టారు. అన్నీ మనుషులు రాసినవే. అయినా సగటున 61 శాతం వ్యాసాలను డిటెక్టర్లు మెషీన్ రాసినవిగా చూపించాయి. ఏడింటిలో కనీసం ఒక్కటైనా అనుమానించిన వ్యాసాలు 91లో 89. అవే డిటెక్టర్లు అమెరికన్ ఎనిమిదో తరగతి పిల్లల వ్యాసాలను మాత్రం దాదాపు సరిగ్గా గుర్తించాయి. తెలిసిన కొద్ది మాటలతో, సాదా వాక్యాలతో రాసేవాళ్ల ఇంగ్లిష్ ఊహకు తేలిగ్గా అందుతుంది. అందుకే ఈ తేడా. ఆ వ్యాసాలు ట్రాన్స్‌లేట్ చేసినవి కావు, నేరుగా ఇంగ్లిష్‌లో రాసినవి. అంటే మన పిల్లలు ఫోన్ ముట్టుకోకుండా రాసినా ఈ ప్రమాదం ఉంది. ట్రాన్స్‌లేట్ చేస్తే ఇంకా పెరగవచ్చు.

చాట్ జీపీటీ తయారుచేసిన ఓపెన్ ఎ.ఐ. కంపెనీ కూడా 2023 జనవరిలో ఒక డిటెక్టర్ విడుదల చేసింది. కచ్చితత్వం తక్కువగా ఉందని అదే ఏడాది జులైలో దాన్ని ఆపేసింది. తర్వాత వచ్చిన టూల్స్ కొంత మెరుగై ఉండవచ్చు. కానీ కొలిచే పద్ధతిలోనే ఉన్న చిక్కు పూర్తిగా పోయిందని చెప్పలేం.

టూల్ చాలా మంచిదే అనుకుందాం. నిజాయితీగా రాసిన వందలో ఒక్క వ్యాసాన్నే అది తప్పుగా పట్టుకుంటుందని అనుకుందాం. ఒక సెక్షన్‌లో 40 మంది పిల్లలు, ఏడాదిలో 10 అసైన్‌మెంట్లు అంటే 400 వ్యాసాలు. అన్నీ నిజాయితీగా రాసినవే అయినా వాటిలో నాలుగింటికి దొంగ ముద్ర పడుతుంది. ఆ నాలుగు ముద్రలూ క్లాసులో ఇంగ్లిష్ బలహీనంగా ఉన్న పిల్లల మీదే పడే అవకాశం ఎక్కువ.

ట్రాన్స్‌లేషన్‌ను ఎలా గుర్తుపట్టవచ్చు?

డిటెక్టర్‌కు తెలియని తెలుగు, తెలుగు వచ్చిన టీచర్‌కు, తల్లిదండ్రులకు తెలుసు. ఈ వ్యాసంలో నాకు దొరికిన మూడు ఆనవాళ్లు చెబుతాను.

మొదటిది, "ఆమె", "అది" తారుమారు కావడం. తెలుగులో "కూర్చునేది" అంటే మనిషి కావచ్చు, పిల్లి కావచ్చు. స్త్రీకి, వస్తువుకు, జంతువుకు క్రియ చివర ఒకటే. మనం కర్తను ప్రతిసారీ చెప్పం కూడా. కానీ ఇంగ్లిష్‌లో కర్త లేకుండా వాక్యం నడవదు. కాబట్టి మెషీన్ ఊహించాలి. మజ్జిగ వాక్యంలో అది "ఇట్ యూజ్డ్ టు సిట్" అని రాసింది. నాయనమ్మ ఒక్క వాక్యం పాటు "అది" అయిపోయింది. మర్యాదగా "చెప్పారు, వచ్చారు" అని రాసిన చోట ఒక్క మనిషి "దే" అయి ఇద్దరు ముగ్గురిలా కనిపించడం కూడా ఇలాంటిదే.

రెండోది, జాతీయాలు. "నా మీద ఈగ వాలనిచ్చేది కాదు" అన్నది ఇంగ్లిష్‌లో నిజంగా ఈగ గురించిన వాక్యం అయింది. నాయనమ్మ విసనకర్రతో ఈగలు తోలుతున్నట్టు ఉంది. చాట్‌బాట్ సొంతంగా అల్లిన వ్యాసంలో ఈ ఈగ రాదు. "ఆమె నన్ను ఎంతో ప్రేమగా కాపాడేది" లాంటి ఎక్కడైనా అతికే మాట వస్తుంది.

మూడోది, చాలా ప్రత్యేకమైన చిన్న వివరం. మజ్జిగలో చేతులు, మోచేత్తో దగ్గరికి తీసుకోవడం చూసినవాళ్లకే తెలుస్తాయి. వ్యాసంలో అలాంటివి ఉంటే వాటి గురించి పిల్లవాడిని తెలుగులోనే రెండు ప్రశ్నలు అడగాలి. రాసినవాడైతే వ్యాసంలో లేనిది కూడా చెబుతాడు.

వీటికి హద్దులు కూడా ఉన్నాయి. ట్రాన్స్‌లేషన్ టూల్స్ రోజురోజుకూ మెరుగవుతున్నాయి. ఇలాంటి పొరపాట్లు తగ్గుతున్నాయి. ఎవరైనా చాట్‌బాట్‌కే తెలుగు ఇచ్చి "మంచి ఇంగ్లిష్‌లో రాయి" అంటే అది ఈగను తీసేస్తుంది, మోచేతిని సరిచేస్తుంది, తన సొంత వాక్యాలు కూడా కొన్ని చేరుస్తుంది. అప్పుడు ఆనవాళ్లు ఉండవు. కాబట్టి ఆనవాళ్లు దొరికితే పిల్లవాడికి మేలు. దొరకనంత మాత్రాన దొంగ అనకూడదు.

అయితే పిల్లవాడి తప్పేమీ లేదా?

ఇది కూడా నిజాయితీగా మాట్లాడుకోవాలి. నేను ఇచ్చింది ఇంగ్లిష్ వ్యాసం. ఆలోచన అతనిదే అయినా ఆ ఇంగ్లిష్ అతనిది కాదు. ట్రాన్స్‌లేట్ చేయవచ్చా, కూడదా అని నేను ముందు చెప్పలేదు. అతను ట్రాన్స్‌లేట్ చేశానని చెప్పలేదు. రెండు వైపులా లోపం ఉంది. కానీ వేరొకరి ఆలోచనను తనదిగా చూపించడం ఒకటి, తన ఆలోచనను వేరే భాషలోకి మార్చడానికి సాయం తీసుకోవడం మరొకటి. రెండింటికీ ఒకే సున్నా వేయడం అన్యాయం.

అదే రోజు లంచ్ తర్వాత అతన్ని కూర్చోబెట్టి, ఫోన్ లేకుండా, అదే విషయాన్ని 100 పదాల్లో సొంత ఇంగ్లిష్‌లో రాయమన్నాను. నలభై నిమిషాలు పట్టింది. "ఎ", "ద" మాయమయ్యాయి. క్రియల చివర "ఎస్" లేదు. కానీ మోచేయి దగ్గర ఇలా రాశాడు: "షీ నో టచ్ మీ విత్ హ్యాండ్. షీ హగ్ మీ విత్ ఎల్బో." వ్యాకరణం తప్పు, అర్థం మాత్రం సరిగ్గా ఉంది. తప్పుల్లేని మెషీన్ ఇంగ్లిష్ నాయనమ్మ ముద్దును పోట్లాటగా మార్చింది. తప్పులున్న పిల్లవాడి ఇంగ్లిష్ దాన్ని తిరిగి నిలబెట్టింది.

మార్కులు ఇలా వేశాను. మొత్తం 10లో విషయానికి 4, క్రమానికి 2, భాషకు 4 ఉంటాయి. విషయానికి తెలుగు డ్రాఫ్ట్ చూసి 4కు 4 ఇచ్చాను. క్రమానికి 2కు 1. భాషకు సొంతంగా రాసిన పేరాగ్రాఫ్ చూసి 4కు ఒకటిన్నర. మొత్తం ఆరున్నర. సున్నా కొట్టేసి, పక్కన సంతకం పెట్టాను. వాళ్ల నాన్నగారికి ఫోన్ చేసి క్షమించమని అడిగాను.

భాషకు వచ్చిన ఆ ఒకటిన్నరను తల్లిదండ్రులు తేలిగ్గా తీసుకోవద్దు. డిటెక్టర్ ఏమీ పట్టుకోకపోతే, నాకూ అనుమానం రాకపోతే, ఈ అబ్బాయికి 9 మార్కులు పడేవి. ఇంగ్లిష్ బాగానే వస్తోందని మీరూ నేనూ సంతోషించేవాళ్లం. సీబీఎస్‌ఈ పదో తరగతిలో ఇంగ్లిష్ 100 మార్కుల్లో 80 పరీక్ష హాల్లో, పెన్నుతో, ఫోన్ లేకుండా రాయాలి. ఇంటి దగ్గర ట్రాన్స్‌లేట్ చేసుకుంటూ గడిపిన ఏళ్ల లోటు అక్కడ ఒక్కసారిగా బయటపడుతుంది. అనవసరంగా అనుమానించడం ఎంత నష్టమో, అవసరమైన చోట లోటు కనిపించకపోవడం కూడా అంతే నష్టం.

ఇంట్లో మీరు చేయదగినవి

1. తెలుగు డ్రాఫ్ట్ పారేయవద్దు. కొట్టివేతలతో సహా నోట్‌బుక్‌లో ఉంచండి. తేదీ వేయించండి. ఫోన్‌లోనే రాస్తే ఆ తెలుగు ఫైల్‌ను విడిగా సేవ్ చేయించండి. అనుమానం వచ్చిన రోజు పిల్లవాడి తరఫున మాట్లాడేది అదే.

2. కంప్యూటర్‌లో గూగుల్ డాక్స్ వాడితే అది మార్పులను తనంతట తానే దాచి ఉంచుతుంది. ఇక్కడ చూడవచ్చు:

```
File > Version history > See version history
```

టైప్ చేసిన వ్యాసం అందులో కొద్ది కొద్దిగా పెరుగుతూ కనిపిస్తుంది. పేస్ట్ చేసింది ఒక్కసారిగా పడుతుంది. ఒక్కసారిగా పడటం కూడా దొంగతనానికి రుజువు కాదు. కానీ పక్కన తెలుగు డ్రాఫ్ట్ లేకపోతే చెప్పుకోవడం కష్టం.

3. వ్యాసం చివర ఒక్క లైన్ రాయించండి: "తెలుగులో రాసి, ట్రాన్స్‌లేట్ చేసి, మళ్లీ చదివి సరిచేశాను." ముందే చెప్పినదాన్ని ఎవరూ మోసం అనలేరు. టీచర్ వద్దంటే వద్దనే చెబుతారు, అప్పుడు ఆ అసైన్‌మెంట్ సొంత ఇంగ్లిష్‌లోనే రాయాలి.

4. ఇంగ్లిష్ అంతగా రాని తల్లిదండ్రులు కూడా ఒక చెకింగ్ చేయవచ్చు. వచ్చిన ఇంగ్లిష్‌ను తిరిగి తెలుగులోకి ట్రాన్స్‌లేట్ చేసి చదవండి. "మోచేత్తో పొడిచేది" అని కనిపిస్తే ఎక్కడ తప్పిందో మీకే తెలుస్తుంది. అయితే "ఆమె", "అది" పొరపాటు ఇలా దొరకకపోవచ్చు. "ఇట్" అని ఉన్నా "షీ" అని ఉన్నా తెలుగులోకి వచ్చేసరికి క్రియ "కూర్చునేది" అనే ఉంటుంది కాబట్టి. దానికి పిల్లవాడే ఇంగ్లిష్‌లో ప్రతి వాక్యం కర్త మీద వేలు పెట్టి "ఇది ఎవరు?" అని చూసుకోవాలి.

5. డిటెక్టర్‌కు దొరక్కుండా వాక్యాలు మార్చిపెడతామనే టూల్స్ జోలికి పోనివ్వద్దు. స్టాన్‌ఫర్డ్ పరిశోధనలోనే ఒక విచిత్రం ఉంది. మనుషులు రాసిన ఆ 91 వ్యాసాలను చాట్ జీపీటీకి ఇచ్చి మాటలను మెరుగుపరిచాక, తప్పుగా పట్టుబడటం 61 శాతం నుంచి 12 శాతం లోపుకు తగ్గింది. అంటే మెషీన్ చేయి పడ్డాకే మనిషి రాసినట్టు కనిపించాయి. డిటెక్టర్ భయంతో పిల్లవాడు ఇలాంటి సాయం మరిగితే, అప్పటి వరకు తనదైన వ్యాసం నిజంగానే తనది కాకుండా పోతుంది.

6. వారానికి ఒకసారి అయిదు వాక్యాలు ఫోన్ లేకుండా ఇంగ్లిష్‌లో రాయించండి. ముందు తెలుగులో రాసుకోవడం తప్పు కాదు. రాసుకున్న తెలుగును పక్కన పెట్టుకుని తనకు వచ్చిన ఇంగ్లిష్‌లో చెప్పాలి. తెలియని ఒక్కో మాటకు డిక్షనరీ చూసుకోవచ్చు. పేరాగ్రాఫ్ మొత్తం మెషీన్‌కు ఇవ్వకూడదు. ఆ అయిదు వాక్యాలే పిల్లవాడి అసలు ఇంగ్లిష్ స్థాయి మీకు, మాకు చూపిస్తాయి.

స్కూల్ నుంచి ఫోన్ వస్తే

మీ పిల్లల వ్యాసం మీద అనుమానం ఉందని స్కూల్ నుంచి ఫోన్ వస్తే ముందు ఇంట్లో కేకలు వేయవద్దు. నోట్‌బుక్ పట్టుకుని రండి. టీచర్‌ను మూడు విషయాలు అడగండి. అనుమానం అంకెను బట్టి వచ్చిందా, ఏదైనా ప్రత్యేకమైన వాక్యాన్ని బట్టి వచ్చిందా? ఆ వాక్యం గురించి పిల్లవాడిని తెలుగులో అడిగారా? ఫోన్ లేకుండా ఒక పేరాగ్రాఫ్ రాయించి పోల్చి చూశారా? ఈ మూడూ అడగడం మీ హక్కు. వాటికి జవాబు చెప్పే వరకు మార్కు వేయకుండా ఆగడం టీచర్ బాధ్యత.

ఈ అబ్బాయి వ్యాసం విషయంలో నేను ఆ మూడూ సున్నా వేశాక చేశాను. ఇప్పుడు నా క్లాసులో వరస మార్చుకున్నాను. ఇంటి దగ్గర రాసే ప్రతి వ్యాసానికీ, ఏ భాషలో ఉన్నా సరే, రఫ్ కాపీ జత చేయమంటున్నాను. పోయిన వారం వచ్చిన 38 వ్యాసాల్లో 11 మంది తెలుగు రఫ్ కాపీ జత చేశారు. అంతమంది తెలుగులో రాసుకుని వస్తున్నారని అంతవరకు నాకు తెలియదు.

— హైస్కూల్ ఇంగ్లిష్ టీచర్